టీవీ మీద స్టార్లు, బిల్లు మీద రూపాయలు

వేములవాడలోని ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో రెండు టీవీలు పక్కపక్కనే వెలుగుతున్నాయనుకుందాం. రెండూ 43 అంగుళాలవే, బొమ్మలో పెద్దగా తేడా కనిపించదు. ఒకదాని లేబుల్ మీద రెండు స్టార్లు, మరోదాని మీద నాలుగు. నాలుగు స్టార్లదానికి ధర 2,500 రూపాయలు ఎక్కువ. దుకాణదారు మాట సూటిగా ఉంటుంది: "గిదే తీస్కోండ్రి అన్నా, కరెంటు బిల్లుల పైసలు వాపసొస్తయి."

నిజంగా వస్తాయా? ఎన్నేళ్లకు వస్తాయి? జవాబు కొంత టీవీ లేబుల్ మీద, మిగతాది మన ఇంటి కరెంటు బిల్లు మీద ఉంటుంది. రెండింటినీ కలిపి చదివితే ఒక వింత బయటపడుతుంది. అవే రెండు టీవీలు, అదే ధరల తేడా. అయినా ఒక ఇంటికి నాలుగు స్టార్లది లాభం, పక్కింటికి నష్టం.

లేబుల్ మీద ఏముంది?

కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ, అంటే ఇంధన సామర్థ్య సంస్థ, 2002లో ఏర్పడింది. ఉపకరణాలకు స్టార్ లేబుళ్ల పథకాన్ని అది 2006లో మొదలుపెట్టింది. మొదట ఫ్రిజ్‌లు, ఏసీల వంటివాటికి వచ్చిన ఈ లేబుల్ తర్వాత కలర్ టీవీలకూ వచ్చింది. 4కె టీవీలకు 2021 జనవరిలో, తొలుత కంపెనీల ఇష్టానికి వదిలేస్తూ, విడిగా పథకం పెట్టారు.

లేబుల్‌లో కంటికి ముందు కనిపించేవి స్టార్లు. మన లెక్కకు కావలసింది మాత్రం వాటి కింద ఉండే అంకె, ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్నది. యూనిట్ అంటే మన మీటర్ లెక్కపెట్టే యూనిటే. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్.

ఈ అంకె ఊహించి వేసింది కాదు. ప్రయోగశాలలో టీవీకి ఒక ప్రామాణిక వీడియో ఆడించి, సగటున ఎన్ని వాట్లు లాగుతోందో కొలుస్తారు. రిమోట్‌తో ఆపాక స్టాండ్‌బైలో లాగే కరెంటునూ కొలుస్తారు. ఆ తర్వాత, టీవీ రోజుకు ఆరు గంటలు నడుస్తుందని, మిగతా పద్దెనిమిది గంటలు స్టాండ్‌బైలో ఉంటుందని అనుకుని 365 రోజులకు లెక్క కడతారు.

ఆ ఆరు గంటలు అందరి ఇళ్లకూ సరిపోవు. పగలంతా పనికిపోయి రాత్రి రెండు గంటలు వార్తలు, సీరియల్ చూసే ఇల్లుంది. పొద్దున భక్తి పాటల నుంచి రాత్రి సినిమా దాకా టీవీ ఆగని ఇల్లూ ఉంది. స్టాండ్‌బై వాటా చిన్నదే కాబట్టి మార్చుకోవడం సులువు. లేబుల్ మీది యూనిట్లను ఆరుతో భాగించి, మన ఇంట్లో టీవీ నడిచే గంటలతో గుణించాలి. వచ్చేది దాదాపు మన ఇంటి అంకె.

మన రెండు టీవీల సంగతి చూద్దాం. ఉదాహరణకు రెండు స్టార్లదాని మీద 150 యూనిట్లు, నాలుగు స్టార్లదాని మీద 105 యూనిట్లు అని ఉందనుకుందాం. ఆరు గంటలు చూసే ఇంట్లో తేడా ఏడాదికి 45 యూనిట్లు. మూడు గంటలే చూస్తే 75, సుమారు 52. తేడా సగానికి పడిపోతుంది. తొమ్మిది గంటలు చూస్తే 225, సుమారు 157. తేడా 67 యూనిట్లు దాటుతుంది.

ఒకే సైజులో ఇంత తేడా ఎందుకు?

మామూలు ఎల్‌ఈడీ టీవీని తోలుబొమ్మలాటతో పోల్చవచ్చు. తెర వెనక దీపం వెలుగుతుంటుంది, దీపానికీ తెరకూ మధ్య బొమ్మలు ఆడతాయి. తెర మీద బొమ్మ నల్లగా ఉన్నంత మాత్రాన దీపానికి నూనె తక్కువ పట్టదు. టీవీలో ఆ దీపం బ్యాక్‌లైట్, అంటే తెర వెనక వరుసగా పేర్చిన చిన్న ఎల్‌ఈడీ దీపాలు. బొమ్మలాడే పని ద్రవస్ఫటిక పొరది. అది చుక్క చుక్క దగ్గర వెలుగును ఆపుతూ, వదులుతూ బొమ్మను కడుతుంది.

ఈ ఏర్పాటులో నష్టం చాలా ఎక్కువ. వెనక పుట్టిన వెలుగు ధ్రువణ పొరలు, రంగు వడపోతలు, స్ఫటిక పొర దాటి మన కంటికి చేరేసరికి అందులో కొద్ది భాగమే మిగులుతుంది. మిగతాది లోపలే వేడిగా మారుతుంది. టీవీ లాగే కరెంటులో పెద్ద వాటా ఈ బ్యాక్‌లైట్‌దే. తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగిచ్చే దీపాలు, వెలుగును వృథా చేయకుండా తెర వైపు మళ్లించే పొరలు, చీకటి దృశ్యం వచ్చినప్పుడు దీపాలను తగ్గించే ఏర్పాటు ఉన్న టీవీకి స్టార్లు పెరుగుతాయి.

4కె టీవీల్లో చుక్కలు చిన్నవి, సంఖ్యలో ఎక్కువ. చుక్కల మధ్య తీగలకు, స్విచ్‌లకు చోటు పోవడంతో వెలుగు దాటే కిటికీ ఇరుకవుతుంది. అంతే వెలుగు రావాలంటే వెనక దీపం ఎక్కువగా వెలగాలి. అందుకే సైజు ఒకటే అయినా 4కె టీవీ సాధారణంగా కాస్త ఎక్కువ తింటుంది.

ఓఎల్‌ఈడీ టీవీలకు మాత్రం వెనక దీపం ఉండదు. ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, నల్లటి చోట ఆరిపోతుంది. అందుకని రాత్రి దృశ్యాల సినిమాకు తక్కువ కరెంటు, తెల్లటి తెర మీద నడిచే కార్యక్రమానికి ఎక్కువ కరెంటు పడుతుంది.

స్టార్లు ఎక్కడ మోసపుచ్చుతాయి?

ఎన్ని స్టార్లు ఇవ్వాలన్నది తెర వైశాల్యాన్ని బట్టి నిర్ణయిస్తారు. తెర పెద్దదైతే, అన్నే స్టార్లకు ఎక్కువ యూనిట్లు తినడానికి అనుమతి ఉంటుంది. అంగుళాల్లో చెప్పేది తెర మూల నుంచి మూలకు ఉండే కొలత. వైశాల్యం దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 43 నుంచి 55 అంగుళాలకు వెళ్తే కొలత నాలుగో వంతుకు కాస్త ఎక్కువే పెరిగినట్టు కనిపిస్తుంది కానీ, తెర దాదాపు 64 శాతం పెద్దదవుతుంది. వెలిగించాల్సిన చోటూ అంతే పెరుగుతుంది.

కాబట్టి అయిదు స్టార్ల 55 అంగుళాల టీవీ, మూడు స్టార్ల 43 అంగుళాలదాని కంటే ఎక్కువ యూనిట్లు తినొచ్చు. అందులో తప్పేమీ లేదు. ఒకే సైజు టీవీల్లో ఏది పొదుపో చెప్పడమే స్టార్ల పని. సైజులు వేరైతే స్టార్లను పక్కనపెట్టి యూనిట్ల అంకెలనే పోల్చాలి.

లేబుల్ ఏ కాలానిది అన్నదీ చూడాలి. బీఈఈ అప్పుడప్పుడూ కొలతలను బిగిస్తుంది. నిన్న నాలుగు స్టార్లు తెచ్చుకున్న టీవీకి కొత్త కొలతలో అన్ని స్టార్లు రాకపోవచ్చు. గోదాములో నిలిచిన పాత సరుకును, ఈ ఏడాది వచ్చిన మోడల్‌ను స్టార్లతో పోల్చితే లెక్క తప్పుతుంది. యూనిట్ల అంకె మాత్రం ఏ ఏడాదైనా యూనిట్లే.

> వెనక రాసిన వాట్లతో లెక్క కట్టొద్దు
>
> టీవీ వెనక అతికించిన పట్టీ మీద 110 వాట్లు, 120 వాట్లు వంటి అంకె ఉంటుంది. దాన్ని గంటలతో గుణించి భయపడేవాళ్లు ఉన్నారు. అది గరిష్ఠంగా లాగగలిగే కరెంటు. వెలుగు పూర్తిగా పెంచి, శబ్దం నిండుగా పెట్టి, వెనక పెన్‌డ్రైవ్‌లు గుచ్చినా తట్టుకునేలా వేసిన హద్దు. రోజువారీ సగటు తెలియాలంటే లేబుల్‌నే వెనక్కి లెక్కించాలి. 150 యూనిట్ల టీవీలో స్టాండ్‌బై వాటా మూడు యూనిట్ల దాకా పోనిద్దాం. మిగిలిన 147ను ఏడాదికి 2,190 గంటలతో, అంటే రోజుకు ఆరు గంటల లెక్కతో భాగిస్తే సుమారు 67 వాట్లు. 105 యూనిట్లదానికి సుమారు 47 వాట్లు.

యూనిట్ ధర ఎంత?

వేములవాడ ప్రాంతానికి కరెంటు ఇచ్చేది సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం. అందరూ 'సెస్' అనే పిలుస్తారు. 1970లో మొదలైన ఈ సంఘం దేశంలో ఇప్పటికీ నడుస్తున్న కొద్దిపాటి విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి. పంపిణీ సంఘానిదే అయినా యూనిట్ ధరలు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించినవే.

2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఇళ్ల ధరలను లెక్కకు తీసుకుందాం. నెలకు వంద యూనిట్లు దాటని ఇంటికి మొదటి 50 యూనిట్లకు 1.95 రూపాయల చొప్పున, తర్వాతి 50కి 3.10 చొప్పున. వంద దాటి రెండు వందల లోపు వాడే ఇంటికి మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. రెండు వందలు దాటిన ఇంటికి మొదటి రెండు వందలకు 5.10, ఆపై వందకు 7.70. ఇంకా పైకి పోతే ధర ఇంకా పెరుగుతుంది. స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం వీటికి అదనం. ఆ మూడింటినీ ఇక్కడ కలపడం లేదు.

చాలామంది మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి సగటు ధర తీస్తారు, దాంతో టీవీ ఖర్చు కడతారు. పోలిక కోసం అది పనికిరాదు. టీవీ తగ్గించే యూనిట్లు మన వాడకంలో పై అంచు నుంచి తగ్గుతాయి. నెలకు 160 యూనిట్లు వాడే ఇంట్లో నాలుగు యూనిట్లు తగ్గితే, పోయేవి 157 నుంచి 160 దాకా ఉన్నవి. వాటి ధర 4.80. కాబట్టి మన ఇంటి చివరి యూనిట్ ఏ ధరలో పడుతోందో, టీవీ లెక్కకు ఆ ధరే వాడాలి.

ఇప్పుడు మన రెండు టీవీలను మూడు ఇళ్లలో పెట్టి చూద్దాం. అన్నిట్లోనూ రోజుకు ఆరు గంటలే.

| ఇంటి వాడకం (నెలకు) | చివరి యూనిట్ ధర | 150 యూనిట్ల టీవీ, ఏడాదికి | 105 యూనిట్ల టీవీ, ఏడాదికి | 8 ఏళ్లలో మిగులు |
|---|---|---|---|---|
| 80 యూనిట్లు | రూ. 3.10 | రూ. 465 | రూ. 326 | రూ. 1,116 |
| 160 యూనిట్లు | రూ. 4.80 | రూ. 720 | రూ. 504 | రూ. 1,728 |
| 260 యూనిట్లు | రూ. 7.70 | రూ. 1,155 | రూ. 809 | రూ. 2,772 |

టీవీని ఎనిమిదేళ్లు ఉంచుకుంటామనుకుంటే, నాలుగు స్టార్లకు ఎక్కువ పెట్టే 2,500 రూపాయలు మూడో ఇంటికే తిరిగొస్తాయి. మొదటి ఇంటికి సగం కూడా రావు. రెండో ఇల్లు ఆరు గంటలకు బదులు తొమ్మిది గంటలు చూస్తే మిగులు సుమారు 2,590కి చేరి, ఒడ్డున పడుతుంది.

దుకాణంలోనే వేసుకోగలిగిన లెక్క ఇది: తగ్గే యూనిట్లు, చివరి యూనిట్ ధర, టీవీ ఉంచుకునే ఏళ్లు. ఈ మూడింటినీ గుణించండి. స్టార్ల కోసం అదనంగా ఇవ్వదగ్గ మొత్తం అంతే. అంతకంటే ఎక్కువ అడిగితే ఆ డబ్బు బొమ్మ నాణ్యతకో, శబ్దానికో ఇస్తున్నట్టే తప్ప కరెంటుకు కాదు.

వేములవాడలో రాజన్న దర్శనానికి వచ్చే భక్తులు దిగే లాడ్జీల లెక్క వేరు. వాణిజ్య కనెక్షన్లలో నెలకు 500 యూనిట్లు దాటాక ధర 11 రూపాయలు. గది టీవీ రోజుకు మూడు గంటలే నడిచినా ఎనిమిదేళ్ల మిగులు సుమారు 1,980. ఆరు గంటలు నడిస్తే 3,960. భక్తుల రద్దీ ఎక్కువగా ఉండే లాడ్జీకి స్టార్లు కచ్చితంగా గిట్టుబాటు.

గీత దాటితే ఏమవుతుంది?

పై పట్టికలో ఇళ్లన్నీ స్లాబుల మధ్యలో ఉన్నాయి. అంచు మీద ఉన్న ఇంటి లెక్క మరోలా ఉంటుంది. మన ధరల్లో వంద, రెండు వందల గీతలు దాటితే, దాటిన యూనిట్‌కే కాదు, కింది యూనిట్లకూ ధర మారిపోతుంది. 200 యూనిట్లకు కరెంటు ధర 820 రూపాయలు. 201కి అది 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ విలువ 207 రూపాయల 70 పైసలన్నమాట.

మన రెండు టీవీల తేడా నెలకు పావు తక్కువ నాలుగు యూనిట్లు. రెండు స్టార్ల టీవీతో ఒక నెల 203 యూనిట్లు వాడిన ఇంటికి ఖర్చు 1,043 రూపాయలు. అదే నెల నాలుగు స్టార్ల టీవీ ఉండి ఉంటే వాడకం 199 దగ్గర ఆగేది, ఖర్చు 816. ఒక్క నెలలోనే 227 రూపాయల తేడా. నెలకు 160 యూనిట్లు వాడే ఇంటికి ఏడాదంతా మిగిలే మొత్తం కంటే అది ఎక్కువ.

గృహజ్యోతి పథకంలో ఉన్న ఇళ్లకు ఈ గీత మరీ ముఖ్యం. 2024లో మొదలైన ఈ పథకం కింద అర్హత ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఆ గీత దాటిన నెల బిల్లంతా కట్టాల్సిందే. నెలకు 110, 120 యూనిట్లతో సరిపెట్టుకునే ఇంటికి స్టార్ల వల్ల జేబులో మిగిలేది ఏమీ లేదు. ఎండాకాలంలో కూలర్, ఫ్రిజ్, ఫ్యాన్లు కలిసి 195, 205 మధ్య ఊగే ఇంటికి మాత్రం నెలకు నాలుగు యూనిట్లు వెయ్యి రూపాయల పైమాట. గత వేసవి బిల్లులు తీసి చూస్తే మనం ఏ రకం ఇంట్లో ఉన్నామో తెలిసిపోతుంది.

ఇంటికి వచ్చాక అంకె మారుతుందా?

మారుతుంది, ముఖ్యంగా వెలుగు వల్ల. దుకాణంలో ట్యూబ్‌లైట్ల మధ్య బొమ్మ మెరిసేలా టీవీని షాపు మోడ్‌లోనో, వివిడ్ మోడ్‌లోనో పెడతారు. బ్యాక్‌లైట్ గరిష్ఠానికి పోతుంది. టీవీని మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇంటికా, దుకాణానికా అని అడుగుతుంది. అక్కడ ఇల్లు అని ఎంచుకోవాలి. దుకాణం సెట్టింగులే ఉండిపోతే, నాలుగు స్టార్ల టీవీ ఇంట్లో రెండు స్టార్లదానిలా తినొచ్చు. రిమోట్ నొక్కగానే క్షణంలో తెరుచుకునే 'క్విక్ స్టార్ట్' సదుపాయం ఉన్న టీవీల్లో అది ఆన్‌లో ఉంటే స్టాండ్‌బై వాడకమూ పెరుగుతుంది.

> మీటర్‌తో మీరే కొలవండి
>
> ఇంటి మీటర్ మీద ఎర్రగా మిణుకుమనే చిన్న దీపం ఉంటుంది. పక్కనే 3200 imp/kWh వంటి అంకె రాసి ఉంటుంది. 3,200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అని అర్థం. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి, సెట్‌టాప్ బాక్స్ ప్లగ్ కూడా తీసి, టీవీలో ఉండే యాప్‌తోనో పెన్‌డ్రైవ్‌తోనో ఏదైనా కార్యక్రమం పెట్టి, పది నిమిషాల్లో ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టండి. 36 వచ్చిందంటే గంటకు 216. దాన్ని 3,200తో భాగిస్తే గంటకు 0.0675 యూనిట్, అంటే 67 వాట్ల పైచిలుకు. వెలుగు తగ్గించి మళ్లీ లెక్కపెడితే తేడా కళ్లముందే తెలుస్తుంది. మీ మీటర్ మీద వేరే అంకె ఉంటే 3,200 బదులు దాన్నే వాడండి.

లేబుల్‌లో లేని ఖర్చు

టీవీ లేబుల్ టీవీ గురించే చెబుతుంది. దాని పక్కన కూర్చున్న కేబుల్ లేదా డిష్ సెట్‌టాప్ బాక్స్ గురించి కాదు. చాలా బాక్సులు రిమోట్‌తో ఆపినా నిజంగా ఆగవు. ముందున్న దీపం రంగు మారుతుంది, లోపల పని సాగుతూనే ఉంటుంది. ముట్టుకుంటే వెచ్చగా తగిలేది అందుకే. దాని అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే అది ఇవ్వగలిగే హద్దు 12 వాట్లు. అసలు వాడకం అంతకు తక్కువే ఉంటుంది.

మీ బాక్సు రాత్రీపగలూ పది వాట్లు లాగుతోందనుకోండి. ఏడాదికి దాదాపు 88 యూనిట్లు. నాలుగు స్టార్ల టీవీ మొత్తం వాడకమే 105. టీవీ చూసే ఆరు గంటలు తప్ప మిగతా సమయం గోడ దగ్గర స్విచ్ ఆపితే బాక్సు వాడకం 22 యూనిట్లకు తగ్గుతుంది. మిగిలేవి 66 యూనిట్లు, రెండు టీవీల మధ్య ఉన్న 45 యూనిట్ల తేడా కంటే ఎక్కువ. 4.80 ధరలో ఏడాదికి సుమారు 315 రూపాయలు, పైసా పెట్టుబడి లేకుండా. మళ్లీ ఆన్ చేసినప్పుడు ఛానళ్లు రావడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టొచ్చు, అంతే.

కొనేముందు

టీవీ కొనడానికి వెళ్లేటప్పుడు గత వేసవి నెలలవి, చలికాలానివి ఒకటి రెండు కరెంటు బిల్లులు వెంట తీసుకెళ్లండి. ధరలు మారి ఉంటే కొత్త ధరతోనే లెక్క వేసుకోండి. లేబుల్ టీవీ మీద లేకపోతే అట్టపెట్టె మీద చూడండి, అక్కడా లేకపోతే అడగండి. అనుమానం ఉంటే బీఈఈ వారి స్టార్ లేబుల్ యాప్‌లో మోడల్ పేరు వెతికి సరిచూసుకోవచ్చు.

ఒకే సైజు టీవీలైతే యూనిట్ల తేడాను మీ గంటలకు సర్దుకుని, మీ చివరి యూనిట్ ధరతో, ఎనిమిదేళ్లతో గుణించండి. వచ్చిన మొత్తం ధరల తేడా కంటే ఎక్కువైతే స్టార్లు కొనండి. తక్కువైతే, మీ ఇల్లు రెండు వందల గీత మీద లేకపోతే, చవకది తీసుకుని వెలుగు తగ్గించి, బాక్సు స్విచ్ ఆపడం అలవాటు చేసుకోండి. ఏసీలో ఒక్క స్టార్ పెరిగితే ఏడాదికి మిగిలేంత మొత్తం టీవీలో మిగలదు. టీవీకి స్టార్ల పేరుతో వేలకు వేలు ఎక్కువ పెట్టడం చాలా ఇళ్లకు గిట్టుబాటు కాదు.